ప్రేమకీ మీగడకీ మధ్య ఒక అక్షరం

కీబోర్డు మీద ser అని కొట్టండి. ఇంగ్లీషు అక్షరాల్లో అర్మేనియన్ టైప్ చేసేవాళ్లకి అది మూడు మాటల్లో ఏదైనా కావచ్చు. ఒకటి ప్రేమ, రెండోది మీగడ, మూడోది వ్యాకరణంలో వచ్చే లింగం. "నువ్వంటే నాకు చాలా మీగడ" అని మెసేజ్ వెళ్తే తర్వాత ఏమవుతుందో మీ ఊహకే వదిలేస్తున్నా. నిజానికి చాట్ చదివే మనిషికి ఏ ఇబ్బందీ లేదు, సందర్భం చూసి అర్థం చేసుకుంటారు. ఇబ్బందల్లా ఆ మూడు రోమన్ అక్షరాల్ని తిరిగి అర్మేనియన్ లిపిలోకి మార్చాల్సిన ప్రోగ్రాముకి. పైగా దానికి ఇంకో తలనొప్పి కూడా ఉంది. అర్మేనియన్‌కి స్పెల్లింగు పద్ధతులు రెండు, ఒకటి పాతది, ఇంకోటి సంస్కరించినది. కాబట్టి కన్వర్టర్ రాసేవాళ్లు రెండు బటన్లు పెట్టి "ఏది కావాలి?" అని అడగాలి. చూడ్డానికి ఆ రెండు బటన్లూ కవలల్లా పక్కపక్కనే ఉంటాయి. వాటి వెనక జరిగే పని మాత్రం అస్సలు ఒకటి కాదు. నేను చెప్పాలనుకున్నది అదే.

ముందు, నాకూ అర్మేనియన్‌కీ ఏంటి సంబంధం అని మీకు డౌట్ రావాలి, వచ్చే ఉంటుంది. సెకండియర్ సెలవుల్లో చెన్నైలో పిన్ని వాళ్లింటికి వెళ్లినప్పుడు జార్జ్‌టౌన్‌లో ఆర్మేనియన్ స్ట్రీట్ అని ఒక వీధి చూశా. అక్కడొక పాత అర్మేనియన్ చర్చి ఉంది. ప్రపంచంలోనే మొట్టమొదటి అర్మేనియన్ పత్రిక పుట్టింది అర్మేనియాలో కాదు, మన మద్రాసులో. పేరు అజ్దరార్, సంవత్సరం 1794. దాన్ని నడిపింది ఇరాన్‌లోని షిరాజ్ నుంచి వచ్చిన ఒక ప్రీస్ట్, పేరు హరుత్యున్ ష్మవొన్యాన్. పత్రిక 1796 వరకు నడిచింది. ఆయన సమాధి కూడా ఆ చర్చి ఆవరణలోనే ఉంది.

ఇంటికొచ్చి ఆయన పేరు నెట్‌లో వెతికితే రెండు రకాలుగా కనిపించింది:

```
Հարություն Շմավոնյան
Յարութիւն Շմաւոնեան
```

లిపి రాకపోయినా పర్లేదు, బొమ్మల్లా చూడండి. మొదటి అక్షరమే వేరు. మధ్యలో, చివర్లో కూడా తేడాలున్నాయి. మనిషి ఒకడే, పలికేది కూడా ఒకేలా. పైది సంస్కరించిన స్పెల్లింగు, కిందది పాతది. పైథాన్‌ని అడిగితే ఏం చెబుతుందో మీకు తెలిసిందే:

```
>>> "Հարություն" == "Յարութիւն"
False
```

అంటే ఒక లైబ్రరీ కేటలాగులో పాత స్పెల్లింగుతో ఉన్న పుస్తకం, కొత్త స్పెల్లింగుతో వెతికేవాడికి దొరకదు. బీరూట్‌లో పుట్టిన మనవరాలు తాతగారి పేరు వెతికితే యెరెవాన్‌లో ఉన్న రికార్డు కనపడదు. ఈ False నాకు భలే చిరాకు తెప్పించింది. స్ట్రింగ్ ప్రాసెసింగ్ మినీ ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటున్న టైమ్ కూడా అదే కావడంతో, రోమన్ నుంచి అర్మేనియన్‌కి మార్చే చిన్న కన్వర్టర్ రాద్దామని కూర్చున్నా.

రెండు స్పెల్లింగులు ఎందుకొచ్చాయో కొంచెం చెప్పాలి. అర్మేనియన్ లిపిని మెస్రోప్ మాష్టోత్స్ అనే ఆయన 405 ప్రాంతంలో తయారు చేశాడు. అప్పుడు అక్షరాలు 36. అప్పటి జనం ఎలా పలికితే అలా రాసేవాళ్లు. తర్వాత పదిహేను వందల ఏళ్లలో పలుకుబడి మారిపోయింది, రాత మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. మాట మొదట్లో ఉన్న "య" శబ్దం "హ"గా మారింది, అయినా రాసేది య అక్షరమే. కొన్ని మాటల చివర య అసలు పలకడమే మానేశారు, అయినా రాస్తూనే వచ్చారు. ఇంగ్లీషులో knight మొదటి k లాంటి కథ అన్నమాట.

1922లో సోవియట్ అర్మేనియా ప్రభుత్వం దీన్ని ఒక్క దెబ్బతో మార్చేసింది. వెనకున్న భాషావేత్త మనుక్ అబెఘ్యాన్. ఎలా పలికితే అలా రాయాలి, అందరికీ చదువు త్వరగా రావాలి అన్నది ఆలోచన. అయితే 1940లో మళ్లీ కొంచెం వెనక్కి తగ్గారు, తీసేసిన రెండు అచ్చుల్ని తిరిగి తెచ్చారు. ఇవాళ అర్మేనియాలో వాడేది ఆ 1940 నాటి రూపమే. ఈలోపు దేశం బయట ఉన్న అర్మేనియన్లు, అంటే లెబనాన్, ఇస్తాంబుల్, ఫ్రాన్స్, అమెరికా, ఇరాన్ వాళ్లు, ఈ మార్పుని ఒప్పుకోలేదు. మాష్టోత్స్ ఇచ్చిన రాతని ఒక ప్రభుత్వం ఎలా మారుస్తుంది అన్నది వాళ్ల మాట. కాబట్టి స్పెల్లింగు బటన్ నొక్కడం అంటే ఫాంట్ సైజు ఎంచుకోవడం లాంటిది కాదు. నువ్వు ఎవరి తాలూకు అని అడిగినట్టు.

మరి వీళ్లు రోమన్‌లో ఎందుకు టైప్ చేస్తారు? మనం ఎందుకు చేస్తామో అందుకే. ఫోన్‌లో లిపి లేకపోవడం, ఉన్నా అలవాటు లేకపోవడం. ఎస్సెమ్మెస్ రోజుల్లో అయితే ఇంకో కారణం కూడా ఉండేది. రోమన్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పట్టేవి, సొంత లిపిలో 70 మాత్రమే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పద్ధతిగా చేసే రోమన్ రాత వేరు, చాట్‌లో రాసేది వేరు. తెలుగుకి రైస్ యూనివర్సిటీలో తయారైన RTS ఉంది కదా, అందులో l అంటే ల, L అంటే ళ. ఎటు మార్చినా ఏదీ పోదు. అర్మేనియన్‌కి కూడా ISO 9985 అనే స్టాండర్డ్ ఉంది, ప్రతి అక్షరానికీ వేరే గుర్తు ఇస్తుంది. కానీ ఏ మనిషి చాట్‌లో అక్షరాల మీద గీతలూ చుక్కలూ పెట్టుకుంటూ కూర్చుంటాడు? మనం pelli అని కొట్టి పెళ్లికి వెళ్లొచ్చేస్తాం. వాళ్లూ అంతే.

మన క, ఖ లాగే వాళ్లకీ రెండు శబ్దాలున్నాయి, ఊపిరి లేకుండా ఒకటి, ఊపిరితో ఒకటి. కానీ kh అన్న జంటని గొంతులోంచి గరగరమనిపించే ఇంకో అక్షరానికి వాడేశారు. దాంతో క కీ, ఖ కీ ఒకటే k మిగిలింది. kar అని కొడితే కుట్టు కావచ్చు, రాయి కావచ్చు. p, t, ch కూడా ఇదే బాపతు. ఇక r అయితే, మన ర, ఱ ల్లాగే వాళ్లకీ రెండున్నాయి. మనం బండి ఱ ని బీరువాలో పెట్టేశాం, వాళ్లు రెండూ రోజూ వాడతారు, పలుకుతారు కూడా. ser మూడు మాటలవడానికి సగం కారణం ఇదే. బలమైన ర తో రాస్తే లింగం, మెత్తని ర తో రాస్తే ప్రేమో మీగడో.

ఈ మొదటి మెట్టుకి, అంటే రోమన్ నుంచి అక్షరాలకి వెళ్లడానికి, పెద్ద మాయేమీ అక్కర్లేదు. పొడుగు జంటల్ని ముందు పట్టుకోవాలి, sh కనిపిస్తే s, h అని విడదీయకూడదు. మిగిలిన అనుమానాలకి ఒక పదాల జాబితా పెట్టుకుని, అందులో ఉన్న రూపాన్నే ఉంచాలి. kar లాగా రెండూ జాబితాలో ఉంటే ఎక్కువ వాడేదాన్ని ముందు చూపించి, రెండోదాన్ని కింద చూపించాలి. మన ఫోన్ కీబోర్డులు తెలుగుకి చేసేది కూడా ఇంచుమించు ఇదే.

అసలు కథ రెండో మెట్టు. నా రూమ్మేట్ దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. "ఇందులో ఏముంది రా, ముందు ఒకదాంట్లోకి మార్చు, ఆ తర్వాత ఇంకోదానికి ఫైండ్ అండ్ రీప్లేస్. డ్రాప్‌డౌన్ పెట్టేయ్, సబ్మిట్ చేసేయ్." పాత స్పెల్లింగు నుంచి కొత్తదానికి వెళ్లేటప్పుడు వాడు చెప్పింది చాలావరకు నిజం. ఎందుకంటే పాతదాంట్లో ఉన్న తేడాలు కొత్తదాంట్లో కలిసిపోతాయి. రెండు రకాల "ఎ" ఒకటవుతాయి, రెండు రకాల "ఒ" ఒకటవుతాయి. కలపడానికి రూలు చాలు. కొత్తదాని నుంచి పాతదానికి వెళ్లడం అంటే కలిసిపోయినవాటిని మళ్లీ విడదీయడం. పాలల్లో నీళ్లు కలపడం ఎవరైనా చేస్తారు.

రోమన్‌లో టైప్ చేసే మనిషి చెవికి వినపడిందే కొడతాడు. కాబట్టి రోమన్ రాత పుట్టుకతోనే కొత్త స్పెల్లింగుకి దగ్గర. పాత స్పెల్లింగు బటన్ నొక్కినప్పుడు, టైప్ చేసినవాడు ఇవ్వని సమాచారాన్ని ప్రోగ్రాము ఎక్కడినుంచో తేవాలి.

మన ప్రీస్ట్ గారి పేరే తీసుకుని చూద్దాం. harutyun shmavonyan అని ఇచ్చాం. మొదటి మెట్టు దాటాక కొత్త స్పెల్లింగులో Հարություն Շմավոնյան వచ్చింది. మధ్యలో t కి ఊపిరి ఉన్న త ఎంచుకోవాలి, కానీ అది తేలికే, ఎందుకంటే utyun అనేది అర్మేనియన్‌లో మన "తనం" లాగా చాలా మాటల చివర వచ్చే తోక, దాని రాత ఎప్పుడూ ఒకటే. ఇప్పుడు దీన్ని పాతదానిలోకి తీసుకెళ్లాలి. మూడు రూల్స్ రాశా:

```
ություն  ->  ութիւն
յան$     ->  եան
ավ       ->  աւ
```

మొదటిది ఇప్పుడే చెప్పిన తోక. రెండోది ఇంటిపేర్ల చివర వచ్చే "యాన్", డాలర్ గుర్తుకి మాట చివర అని అర్థం, మీకు తెలుసు. మూడోది అ తర్వాత వచ్చే వ. పాత రాతలో వ శబ్దానికి రెండు అక్షరాలుండేవి, వెవ్ అనే վ, హ్యున్ అనే ւ. అచ్చు తర్వాత సాధారణంగా హ్యున్ రాసేవాళ్లు. ఒక్క ո అచ్చు తర్వాత మాత్రం రాయరు, ఎందుకంటే ո పక్కన ւ పెడితే ఆ రెండూ కలిసి "ఉ" అయిపోతాయి. అందుకే సముద్రం, ծով, రెండు పద్ధతుల్లోనూ ఒకేలా ఉంటుంది. ఇది చూసినప్పుడు నాకు చాలా నచ్చింది. రూలుకి మినహాయింపు ఉండటమే కాదు, ఆ మినహాయింపుకి కారణం కూడా ఉంది.

మూడు రూల్సూ వేస్తే Հարութիւն Շմաւոնեան వస్తుంది. ఇంటిపేరు కరెక్టు. మొదటి పేరులో తోక కరెక్టు. కానీ తల తప్పు. పాత రాతలో అది హ తో కాదు, య తో మొదలవ్వాలి, Յարութիւն. ఆ మాటకి పునరుత్థానం అని అర్థం, ఒకప్పుడు నిజంగానే య తో పలికేవాళ్లు. ఇప్పుడు హ తో మొదలయ్యే మాటలన్నీ అలా మార్చేద్దామా అంటే కుదరదు. యాభైని hisun అంటారు, పాత రాతలో అది య తోనే. వెయ్యిని hazar అంటారు (మన హజారే, పర్షియన్ నుంచి వచ్చింది), అది రెండింటిలోనూ హ తోనే. చెవికి రెండూ ఒకటే హ. ఏ హ ఒకప్పుడు య అన్నది శబ్దం చెప్పదు, ఆ మాట చరిత్ర చెబుతుంది. కాబట్టి అక్కడ రూలు పనికిరాదు, జాబితా కావాలి.

మూడో రూలు కూడా అంత నమ్మకస్తురాలు కాదు. "రాతపూర్వకమైన" అనడానికి գրավոր, గ్రవోర్ అంటారు. రూలు ప్రకారం మధ్యలో వ మారి գրաւոր అవుతుంది, అదే సరైనది. "పుస్తకాలమ్మేవాడు" గ్రవచార్, գրավաճառ. దీన్ని కూడా రూలు మార్చేస్తుంది, కానీ మార్చకూడదు. ఎందుకంటే ఇక్కడ వ అనేది అమ్మకం అనే రెండో మాటకి మొదటి అక్షరం. రెండు మాటలు అతికినచోట ఉన్న వ ని ముట్టుకోకూడదు. మనకి సమాసాన్ని విడదీస్తే గానీ సంధి తెలియనట్టే. మొదటి నాలుగు అక్షరాలూ ఒకటే అయినా, ఒకదాంట్లో మార్చాలి, ఇంకోదాంట్లో ఊరుకోవాలి.

ఇంకా కొన్నున్నాయి, అన్నీ చెప్పి చంపను. ఒక్కటి మాత్రం చెప్తా. "సేవకుడు" ծառա, చారా అని వినిపిస్తుంది, పాత రాతలో చివర పలకని య ఒకటి ఉంటుంది, ծառայ. "ఇప్పుడు" హిమా, հիմա, దాని చివర ఏమీ ఉండదు. వినపడని అక్షరాన్ని వినికిడితో రాసినదాంట్లోంచి ఎలా పట్టుకుంటారు చెప్పండి.

ఈ ప్రాజెక్టు గురించి ఊళ్లో తాతయ్యకి చెబితే ఆయన నవ్వి, "మీకిది కొత్తగా ఉంది గానీ మాకు ఇంట్లో ఉన్నదే కదరా" అన్నాడు. నేను ఇంగ్లీషు మీడియం బాపతు కాబట్టి అరసున్న గురించి వినడమే తప్ప ఎప్పుడూ రాసింది లేదు. ఆయన కాగితం మీద రెండు మాటలు రాశాడు, వాఁడు, వాడు. మొదటిది మనిషి, రెండోది ఉపయోగించు. అలాగే ఏఱు అంటే నది, ఏరు అంటే ఏరుకోవడం. "మరి వాడు అని కంప్యూటర్‌కి ఇస్తే అరసున్న పెట్టాలో వద్దో ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అనడిగా. "ఆ మాట పాత రూపం తెలియాలి. వాండు అనేది సన్నబడి వాఁడు అయింది. వాడుకలో వాడుకి ఆ సున్న ఎప్పుడూ లేదు. అది మీ కంప్యూటర్‌కి ఎవడు చెప్తాడు?" అన్నాడు. ఎవరూ చెప్పరు, జాబితా చెప్తుంది. తేడా ఏంటంటే మనవాళ్లు దాదాపు అందరూ ఒకేసారి అరసున్నని వదిలేశారు, కాబట్టి మన కన్వర్టర్లలో రెండో బటన్ అవసరం రాలేదు. అర్మేనియన్లలో ఒక సగం వదిలేశారు, ఒక సగం పట్టుకునే ఉన్నారు.

మళ్లీ ser దగ్గరికొద్దాం. లింగాన్ని పక్కన పెట్టేస్తే ప్రేమా మీగడా మిగిలాయి. కొత్త స్పెల్లింగులో రెండూ սեր, అసలు గొడవే లేదు. పాతదాంట్లో ప్రేమ սէր, మీగడ սեր. మధ్యలో ఉన్న అచ్చు వేరు. ఒకప్పుడు ఈ రెండు అచ్చుల్నీ వేరువేరుగా పలికేవాళ్లు, ఇప్పుడు తేడా లేదు. ఇక్కడ జాబితా కూడా చేతులెత్తేస్తుంది, ఎందుకంటే రెండు రూపాలూ జాబితాలో ఉన్నాయి, రెండూ సరైనవే. పక్కనున్న మాటలు చూడాలి. పక్కన పాలు ఉంటే మీగడ, అమ్మ ఉంటే ప్రేమ. "అమ్మ పాల మీద మీగడ తీసింది" అంటే? అందుకే నా ప్రోగ్రాము ఇలాంటిచోట తీర్పు చెప్పదు. ప్రేమ రూపాన్ని పెట్టి కింద చుక్కల గీత వేస్తుంది, నొక్కితే రెండోది వస్తుంది. మనిషే ఎంచుకోవాలి. నా ఉద్దేశంలో ఇలాంటి టూల్‌కి తనకి తెలియనిచోట తెలియదని చూపించడం ముఖ్యం, ఎందుకంటే తప్పు మాట కూడా చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, స్పెల్ చెకర్ కూడా దాన్ని పట్టుకోదు.

సగం పాత, సగం కొత్త స్పెల్లింగు కలిసిపోవడం మాత్రం పట్టుకోవచ్చు. అది అన్నిటికన్నా ఘోరం కూడా, ఇందాకటి Հարութիւն లాగా ఎవ్వరూ రాయని రాత. కొత్త స్పెల్లింగులో హ్యున్ అక్షరం ఒంటరిగా ఎక్కడా రాదు, ո వెనకాల "ఉ"లో భాగంగానే వస్తుంది. కాబట్టి ఒక్క లైను చాలు:

```
re.search(r"(?<!ո)ւ", text.lower())
```

కొత్త స్పెల్లింగు అని చెప్పిన టెక్స్టులో ఇది ఏదైనా పట్టుకుందంటే, లోపల ఎక్కడో పాతది మిగిలిపోయింది. అటువైపు, పాతది అని చెప్పినదాంట్లో ություն కనపడితే కొత్తది మిగిలిపోయింది. దీంతో ప్రేమా మీగడా తేలదు గానీ, కిచిడీ అయితే బయటపడుతుంది.

ఇంత చేశాక కూడా hagop అనే పేరు అన్నిటినీ పడగొట్టింది. నా టేబుల్ ప్రకారం Հագոպ వచ్చింది. సరైనది పాత రాతలో Յակոբ, కొత్తదాంట్లో Հակոբ. తప్పు స్పెల్లింగు బటన్‌ది కాదు, పలుకుబడిది. అర్మేనియన్‌కి తూర్పు, పశ్చిమం అని రెండు రూపాలున్నాయి. అర్మేనియా, ఇరాన్ వాళ్లది తూర్పు. ఇస్తాంబుల్, బీరూట్ వాళ్లది పశ్చిమం. తూర్పువాళ్లు క అని చదివే అక్షరాన్ని పశ్చిమంవాళ్లు గ అంటారు, బ అని చదివేదాన్ని ప అంటారు. అందుకే యెరెవాన్‌లో పెట్రోస్ బీరూట్‌లో బెద్రోస్ అవుతాడు, రాసేటప్పుడు ఇద్దరివీ ఒకటే అక్షరాలు. అంటే hagop అని కొట్టినవాడు తప్పు కొట్టలేదు, తన నోటితో కొట్టాడు.

"అయితే పాత స్పెల్లింగు నొక్కితే పశ్చిమం అనుకో" అన్నాడు రూమ్మేట్. ఇరాన్ అర్మేనియన్లు ఒప్పుకోరు. వాళ్లు మాట్లాడేది తూర్పు, రాసేది పాత స్పెల్లింగు. ప్రీస్ట్ గారి ఊరు షిరాజ్ కూడా ఆ దేశంలోదే. కాబట్టి ఒక ప్రశ్న చాలదు, రెండు అడగాలి: ఎలా పలుకుతారు, ఎలా రాస్తారు. పలుకుబడి ప్రశ్న మొదటి మెట్టుకి, రాత ప్రశ్న రెండో మెట్టుకి. రెండింటినీ ఒకే డ్రాప్‌డౌన్‌లో కుక్కితే ఎవరో ఒకరి పేరు చెడిపోతుంది. ఇంకా, అసలు టైప్ చేసిన రోమన్‌ని పారెయ్యకుండా పక్కన దాచిపెట్టా. స్పెల్లింగు మార్చమన్నప్పుడల్లా కన్వర్ట్ అయినదాన్ని మళ్లీ కన్వర్ట్ చేయకుండా మొదటినుంచీ చేస్తుంది. మీగడా ప్రేమా అని మనిషి ఒకసారి ఎంచుకున్నది కూడా ఆ రోమన్ మాట పక్కనే ఉంటుంది, కొత్తదానికి వెళ్లి తిరిగొచ్చినా పోదు.

చివరికి డెమో ముందు రోజు హెడ్డింగులు పెద్దక్షరాల్లో పెడదామని .upper() వేస్తే ఇంకో సంగతి బయటపడింది. అర్మేనియన్‌లో "యెవ్" అనే శబ్దానికి և అని ఒక అతుకు అక్షరం ఉంది, ఎచ్, హ్యున్ కలిసి ఏర్పడింది. యెరెవాన్ పేరులో వస్తుంది. దానికి పెద్దక్షరం విడిగా లేదు, విడదీసి రెండు రాయాలి. అర్మేనియాలో బోర్డుల మీద ԵՐԵՎԱՆ అని వెవ్‌తో రాస్తారు. పైథాన్ చేసేది ఇదీ:

```
>>> "Երևան".upper()
'ԵՐԵՒԱՆ'
>>> "Երևան".upper().lower()
'երեւան'
```

యూనికోడ్ డిఫాల్ట్ టేబుల్‌లో ఆ అతుకుని ఎచ్, హ్యున్‌గానే విడదీశారు, అంటే పాత స్పెల్లింగులో. కొత్త స్పెల్లింగులో ఉన్న ఊరి పేరుని పెద్దదిగా చేసి మళ్లీ చిన్నదిగా చేస్తే పాత స్పెల్లింగులోకి వెళ్లిపోయింది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. పైన రాసిన ఆ ఒక్క లైను చెక్ దీన్ని వెంటనే పట్టుకుంది, ո లేకుండా ւ కనపడింది కాబట్టి. కొత్త స్పెల్లింగు ఎంచుకున్నవాళ్లకి మాత్రం ముందు అతుకుని విడదీసి, ఆ తర్వాత పెద్దది చేసేలా మార్చా:

```
text.replace("և", "եվ").upper()
```

పాతది ఎంచుకున్నవాళ్లకి పైథాన్ ఇచ్చిందే సరైనది, అందుకని దాన్ని అలాగే వదిలేశా.